ఊక బాయిలరు ఫ్యాన్ బేరింగు: ఏటా మార్చాలా, సెన్సర్ పెట్టాలా, చెడేదాకా వదిలేయాలా?

మిల్లు_సూపర్‌వైజర్ | సోమవారం, రాత్రి 9:40

మాది తూర్పు గోదావరిలో ఉప్పుడు బియ్యం మిల్లు. గంటకు 4 టన్నుల సామర్థ్యం, చిన్నవీ పెద్దవీ కలిపి 62 మోటార్లు. పోయిన సీజనులో ఒక రాత్రి రెండు గంటలకు ఊక బాయిలరు పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ బేరింగు పట్టేసింది. తొట్లలో 30 టన్నుల ధాన్యం నానుతూ ఉంది. ఆవిరి లేక తెల్లవారేసరికి వాసన వచ్చేసింది, బియ్యం రంగు మారింది, ఆ సరుకు తక్కువ ధరకు పోయింది. అప్పటి నుంచి మా యజమానికి నిద్ర లేదు, కాబట్టి నాకూ లేదు.

ఇప్పుడు ఆయన బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఏటా సీజను అయిపోగానే మిల్లులో ఉన్న బేరింగులన్నీ మార్చేయమని ఒక సలహాదారు రాసిచ్చాడు. 62 మోటార్లకూ కంపన సెన్సర్లు బిగిస్తాం, హెచ్చరిక మీ ఫోనుకే వస్తుంది అని ఒక కంపెనీ రాసిచ్చింది. కాగితం మీద లేని మూడో మాట మా హెడ్ ఫిట్టరుది: "నడుస్తున్న దాన్ని కెలకకండి, చెడినప్పుడు చూద్దాం." మూడింటిలో ఒకటి తేల్చి చెప్పమంటున్నారు యజమాని. ఆర్‌సీఎం అనే పద్ధతి, అంటే రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్, ఒకటి ఉందని విన్నాను. అది ఏది ఎంచుకోమంటుంది?

డిప్లొమా_94 | సోమవారం, రాత్రి 10:15

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఏ యంత్రమైనా కొత్తలో కొంచెం సతాయిస్తుంది, మధ్యలో కుదురుగా నడుస్తుంది, వయసు మీద పడ్డాక వరుసగా చెడుతుంది. గీత గీస్తే స్నానాల తొట్టెలా ఉంటుందని మాకు కాలేజీలోనే చెప్పారు. ఆ చివరి భాగం రాకముందే మార్చేయాలి. బేరింగు ఖరీదు ఎంత, పాడైన ధాన్యం ఖరీదు ఎంత? ఆ సలహాదారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ సరైనది.

కొత్త_యజమాని | సోమవారం, రాత్రి 10:50

మేమూ మిల్లు పెడుతున్నాం. ఏ కంపెనీ వార్షిక నిర్వహణ ఒప్పందం మంచిదో చెప్పగలరా? పాలిషరుకు కూడా వర్తించాలి.

కందెన_చుక్క | మంగళవారం, ఉదయం 6:05

కొత్త యజమాని గారూ, మీ ప్రశ్న వేరు. దానికి ఇంకో చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

సూపర్‌వైజర్ గారూ, చిక్కు మీ యజమాని ప్రశ్నలోనే ఉంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ మిల్లంతటికీ సరిపోదు. నిజానికి ఒక్క యంత్రానికి కూడా సరిపోదు. ఒకే ఫ్యాను నాలుగు రకాలుగా చెడవచ్చు, నాలుగింటికీ మందు వేరు కావచ్చు. ఆర్‌సీఎం ఎంచుకోమనేది యంత్రానికి కాదు, అది చెడే ఒక్కో తీరుకు.

నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు ఫ్యాన్లూ పంపులూ చూసి రిటైరయ్యాను. మీ మిల్లు ఫ్యానును నేను చూడలేదు కాబట్టి మీరే చెప్పాలి. దాని బేరింగులు ఇప్పటికి ఎన్నిసార్లు పోయాయి? మార్చిన ప్రతిసారీ ఎంతకాలం నడిచాయి? పోయేముందు ఎవరికైనా ఏమైనా తెలిసిందా? విప్పినప్పుడు లోపల ఏం కనిపించింది? లాగ్ పుస్తకం లేకపోతే బాయిలర్ అటెండెంటును కూర్చోబెట్టి, టీ ఇప్పించి అడగండి. సలహాదారు కాగితం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మిల్లు_సూపర్‌వైజర్ | మంగళవారం, రాత్రి 8:30

లాగ్ పుస్తకం ఉంది కానీ అందులో "బేరింగు మార్చబడినది" అని తప్ప ఇంకేమీ లేదు. అటెండెంటునూ ఫిట్టరునూ అడిగి రాసుకున్నది ఇది. ఫ్యాను మోటారు 30 హెచ్‌పీ. ఇంపెల్లరు షాఫ్టు, బేరింగులను పట్టి ఉంచే రెండు ప్లమ్మర్ బ్లాకుల మీద ఉంటుంది, స్లీవుతో బిగించే రోలర్ బేరింగులు. కొత్త ఫ్యాను పెట్టినప్పటి నుంచి అయిదుసార్లు పోయాయి.

మొదటిసారి 14 నెలలకు. ముందు ఏమీ తెలియలేదంటున్నారు.
రెండోసారి, మార్చిన 11 రోజులకే. మొదటి రోజు నుంచీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేదట.
మూడోసారి 9 నెలలకు. పోయే ముందు రెండు వారాలు పునాది అదురుతోందని అటెండెంటు చెప్పాడట, ఎవరూ పట్టించుకోలేదు. విప్పితే ఇంపెల్లరు రెక్కల మీద బూడిద గట్టిగా పేరుకుని ఉంది.
నాలుగోసారి 5 వారాలకు. ఇదీ మొదటి నుంచీ వేడే.
అయిదోసారి 6 నెలలకు. మూడు వారాలు గరగర శబ్దం వచ్చింది. ధాన్యం పాడైంది ఈసారే.

కందెన_చుక్క | బుధవారం, ఉదయం 5:50

చాలా బాగా రాబట్టారు. ఇప్పుడు ఆ అయిదు అంకెల పక్కన సలహాదారు మాట పెట్టి చూడండి. ఏటా మారిస్తే ఏం తప్పేది? 14 నెలలకు పోయిన మొదటిదొక్కటే. మిగతా నాలుగూ ఏడాది నిండకుండానే పోయాయి, ఆయన లెక్క వాటి దగ్గరకు చేరనే చేరదు. పైగా మార్చిన ప్రతిసారీ ఆ "11 రోజులు" మళ్లీ జరిగే అవకాశాన్ని మీరే కొని తెచ్చుకుంటారు. 14 నెలలు, 11 రోజులు, 9 నెలలు, 5 వారాలు, 6 నెలలు. వీటిలో వయసు ఎక్కడుంది? వయసుతో సంబంధం లేకుండా చెడేదాన్ని వయసు చూసి మార్చడం దండుగ.

అసలు ఇవి అయిదుసార్లు జరిగిన ఒకే చావు కాదు. కనీసం మూడు రకాల చావులు.

రెండోదీ నాలుగోదీ బిగింపు లోపం. స్లీవు బేరింగులో నట్టు బిగిస్తున్నకొద్దీ లోపలి రింగు సాగి, రోలర్లకు ఉన్న ఖాళీ తగ్గుతుంది. ఎంత తగ్గాలో బేరింగు పట్టికలో ఉంటుంది. బిగించే ముందూ తరువాతా ఫీలర్ గేజీతో ఆ ఖాళీని కొలవాలి. మీ ఫిట్టరు గేజీ వాడడని పందెం కాస్తాను. స్పానరు పెట్టి, సుత్తితో "ఇంకో రెండు దెబ్బలు" వేసి ఉంటాడు. ఖాళీ పూర్తిగా పోతే బేరింగు తిరిగిన మొదటి గంటల్లోనే వేడెక్కుతుంది, అక్కడి నుంచి దానికి రోజులు లెక్కే. దీనికి సెన్సరూ అక్కరలేదు, కాలపట్టికా అక్కరలేదు. బిగించే పద్ధతి మార్చాలి, బిగించాక మొదటి నాలుగు గంటలు అరగంటకోసారి వేడి కొలవాలి. వేడి ఎక్కి ఒకచోట నిలబడితే సరే, ఎక్కుతూనే ఉంటే ఆపి విప్పాలి. గ్రీజు మరీ దట్టించినా మొదట్లో వేడెక్కుతుంది. అయితే ఆ వేడి కొన్ని గంటల్లో దిగుతుంది, ఇది దిగదు.

మూడోది బూడిద. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. అది రెక్కను అరగదీస్తుంది, తేమ తగిలితే రెక్కకు అంటుకుంటుంది కూడా. ఇంపెల్లరు తూకం తప్పుతుంది, ఆ అదురు బేరింగును తినేస్తుంది. ఇక్కడ బేరింగు చచ్చింది నిజమే కానీ చంపింది ఇంపెల్లరు. బేరింగును ఎన్నిసార్లు మార్చినా హంతకుడు లోపలే ఉంటాడు.

అయిదోది ఏమిటో రూఢిగా చెప్పలేను. గరగర మూడు వారాలు వచ్చిందంటే ట్రాకు మీద పెచ్చు లేచి ఉండవచ్చు. పాత బేరింగు పారేయకపోతే కోసి చూడండి.

ఇక ముందుగా కనిపెట్టగలమా అనేది. అటెండెంటుకు ఒకసారి రెండు వారాల ముందు, ఇంకోసారి మూడు వారాల ముందు తెలిసింది. చెవికీ చేతికీ తెలిసిన గడువే అది, పరికరంతో కొలిస్తే ఇంకా ముందే తెలుస్తుంది. లెక్కకు సగటు తీసుకోకండి, అన్నింటిలో తక్కువది తీసుకోండి: రెండు వారాలు. దానిలో సగం, అంటే వారానికోసారి చూస్తే, చెడు మొదలైన మరునాడే చూసినా, వారం గడిచాక చూసినా, బాగుచేసుకోవడానికి ఇంకో వారమైనా మిగులుతుంది. తొట్లు ఖాళీ అయ్యే రోజు చూసుకుని ఆపవచ్చు. చేత్తో పట్టుకుని కొలిచే కంపన మీటరు ఒకటి కొనండి. ప్రతి ప్లమ్మర్ బ్లాకు మీద ఒకే చోట పెయింటుతో చుక్క పెట్టి అక్కడే కొలవాలి. మీ మోటారు పరిమాణానికి పాత ఐఎస్‌ఓ 10816 పట్టిక ప్రకారం సెకనుకు 2.8 మిల్లీమీటర్ల లోపుంటే నిశ్చింత, 7.1 దాటితే ఆపాలి. మధ్యలో ఉంటే నిఘా పెట్టి, ఆపే రోజు ముందే అనుకోవాలి.

డిప్లొమా_94 | బుధవారం, ఉదయం 9:20

> వయసుతో సంబంధం లేకుండా చెడేదాన్ని వయసు చూసి మార్చడం దండుగ

అయితే బేరింగు కంపెనీలు ఆయుష్షు ఇన్ని గంటలు అని ఎందుకు ఇస్తాయి? అదీ అబద్ధమేనా?

కందెన_చుక్క | బుధవారం, మధ్యాహ్నం 1:10

అబద్ధం కాదు, మనం చదివే తీరు తప్పు. ఒకే రకం బేరింగులు వంద నడిపితే ఆ గంటలకు పది పోతాయని, తొంభై ఇంకా నడుస్తూనే ఉంటాయని దాని అర్థం. ఆ తొంభైలో చాలా వాటికి ఇంకా ఎన్నో రెట్ల ఆయుష్షుంటుంది. అదీ శుభ్రమైన గ్రీజు, సరైన బిగింపు, తూకం తప్పని ఇంపెల్లరు ఉన్నప్పటి మాట. ఊక బాయిలరు పక్కన ఆ మూడూ కలిసి ఉండటం నేను చూడలేదు.

మీ తొట్టె గీత సంగతి. ఆర్‌సీఎం పుట్టింది విమానాల దగ్గర. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసిన నౌలన్, హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖ కోసం రాసిన నివేదిక 1978లో వచ్చింది. వాళ్లు విమాన భాగాల చరిత్ర చూస్తే తొట్టె గీతకు సరిపోయినవి వందకు నాలుగే. వయసు పెరిగేకొద్దీ చెడటం పెరిగేవి, ఆ నాలుగూ కలుపుకుని, మొత్తం పదకొండు. వందకు 68 మాత్రం కొత్తగా బిగించిన మొదట్లో ఎక్కువగా చెడి, తరువాత ఎంత వయసు వచ్చినా ఒకేలా నడిచాయి. మీరు "కొత్తలో సతాయిస్తుంది" అన్నది నిజం. ఆ చివరి భాగమే చాలా వాటికి రాదు.

డిప్లొమా_94 | బుధవారం, మధ్యాహ్నం 2:00

విమానం వేరు, బియ్యం మిల్లు వేరు కదా సార్. విమానంలో ఎలక్ట్రానిక్ పెట్టెలెన్నో. మిల్లులో ప్రతిదీ ధాన్యంతో రాసుకుంటుంది. షెల్లరు రబ్బరు రోలు ఆరు నెలలు వదిలేయండి చూద్దాం. వైట్‌నరు రాయి, జల్లెడ, ఎలివేటరు బకెట్లు అన్నీ అరిగిపోయేవే. వాటికి వయసు లేదంటారా?

కందెన_చుక్క | బుధవారం, మధ్యాహ్నం 2:40

ఒప్పుకుంటాను, ఇక్కడ మీదే సరి. ఆ నివేదిక శాతాలను ఉన్నవి ఉన్నట్టుగా మిల్లుకు అతికించకూడదు. సరుకు తగిలి అరిగేదానికి వయసు ఉంటుంది, దాన్ని లెక్క ప్రకారమే మార్చాలి. అయితే ఆ వయసును క్యాలెండరుతో కాక ఆడిన ధాన్యం టన్నులతో కొలవాలి. రబ్బరు రోళ్ల విషయంలో మిల్లు వాళ్లు మనకన్నా ముందే ఇది కనిపెట్టారు. వేగంగా తిరిగే రోలు ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో రెండింటినీ అటూ ఇటూ మారుస్తారు, రబ్బరు పలచబడగానే తీసేస్తారు. ఏ పుస్తకమూ చదవకుండా చేస్తున్న మంచి పని అది.

ఆ ఐడీ ఫ్యాను ఇంపెల్లరు రెక్కా అంతే, అరిగే వస్తువు. కాబట్టి ఒకే ఫ్యానులో రెక్క మందానికి కాలపట్టిక, బేరింగుకు వారపు కొలత, బిగింపుకు పద్ధతి. మూడూ పక్కపక్కనే ఉన్నాయి చూడండి.

రొయ్యల_రాజు | బుధవారం, రాత్రి 7:45

నాకు మిల్లు గురించి తెలియదు. మాకు భీమవరం దగ్గర చెరువులు. ఒక్కో చెరువుకు ఎనిమిది ఏరేటర్లు. వాటి మోటార్లు, గేరు పెట్టెలు తరచూ పోతుంటాయి. సెన్సర్లు పెట్టమని మా దగ్గరికీ వచ్చారు. మా కుర్రాడు పోయినదాన్ని తీసి స్పేరు పెట్టేస్తాడు, పావుగంట పని. ఈ పద్ధతి ప్రకారం మాది తప్పా?

కందెన_చుక్క | బుధవారం, రాత్రి 9:00

తప్పు కాదు రాజు గారూ, అది సరైన "చెడేదాకా నడపడం". ఎనిమిదిలో ఒకటి ఆగితే మిగతా ఏడు కాస్తాయి, మార్చడం పావుగంట పని, మనిషికి హాని లేదు. అక్కడ సెన్సరు దేనికి? మోటారు నుంచి కరెంటు తగిలి ఒడ్డున మనిషికి ప్రమాదం కలిగే సంగతి మాత్రం ఇందులోకి రాదు. ఎర్తింగ్, లీకేజీ బ్రేకరు ఎప్పుడూ చూసుకోవలసిందే.

కానీ నాది ఒక ప్రశ్న. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. సరిగ్గా ఆ వేళ కరెంటు పోతే ఎనిమిదీ ఒకేసారి ఆగుతాయి. జనరేటరు దానంతటదే అందుకోవాలి. అందుకుంటుందని మీకు ఎలా తెలుసు?

రొయ్యల_రాజు | బుధవారం, రాత్రి 9:20

వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు నడుపుతాం. ఎప్పుడూ బాగానే స్టార్ట్ అవుతుంది.

సెన్సర్_సత్యం | గురువారం, ఉదయం 10:30

నేను ఇలాంటి సెన్సర్లు అమ్మేవాణ్ణి. ముందే చెప్పేస్తున్నాను, తరువాత ఎవరూ అనకూడదని. సూపర్‌వైజర్ గారి మిల్లులో 62 పెట్టమన్నది నేను కాదు.

నా అనుభవంలో 62లో యాభైకి పైగా దండుగ. 2 హెచ్‌పీ ఎలివేటరు మోటారు ఖరీదూ, దాని మీద పెట్టే సెన్సరూ చందా ఖర్చూ దాదాపు పోటీ పడతాయి. కానీ కందెన చుక్క గారి వారపు కొలతతో ఐడీ ఫ్యాను విషయంలో నేను ఏకీభవించను. రెక్కల మీద పేరుకున్న బూడిద నెమ్మదిగా పెరుగుతుంది, నిజమే. కానీ ఊడేటప్పుడు ఒక రెక్క మీది పెళ్ల ఒక్కసారిగా ఊడుతుంది. అంతకుముందు నిమిషం దాకా బాగున్న ఫ్యాను ఊగిపోతుంది. సోమవారం మీటరులో 3 చూసి సంతకం పెట్టి వెళతారు, బుధవారం రాత్రి అది 12 అవుతుంది. వారపు కొలత దాన్ని పట్టుకోలేదు. ఈ ఒక్క ఫ్యానుకైనా నిరంతరం చూసేది కావాలి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బ్యాటరీ మీద నడిచే సెన్సర్లు చాలావరకు నిరంతరం కొలవవు, విరామం ఇచ్చి కొలుస్తాయి. పెళ్ల ఊడే రకానికి తీగ వేసి, హద్దు దాటగానే ఫ్యానును ఆపే స్విచ్చు కావాలి. ఫోనుకు వచ్చే హెచ్చరిక రాత్రి రెండింటికి ఎవరు చూస్తారు?

కందెన_చుక్క | గురువారం, ఉదయం 11:15

సత్యం గారూ, పెళ్ల ఊడే సంగతి నేను వదిలేశాను. మీ మాట నిజం, ఆ తీరుకు ముందస్తు గడువు దాదాపు సున్నా. గడువు లేనిదాన్ని కొలిచి ముందుగా పట్టుకోలేం. నేనైతే స్విచ్చు కన్నా ముందు పెళ్ల కట్టకుండా చూస్తాను. బాయిలరు బూడిద తీసే రోజున ఫ్యాను తలుపు కూడా విప్పి, అన్ని రెక్కలూ సమానంగా గోకాలి. సగం గోకితే గోకకపోవడం కన్నా చెడ్డది. స్విచ్చు కూడా పెట్టండి అంటే కాదనను. కానీ ఆ స్విచ్చు పనిచేస్తోందో లేదో ఎవరు చూస్తారన్నది మళ్లీ ఇంకో ప్రశ్న. అక్కడి నుంచే అసలు భయపడవలసిన చోటికి వస్తాం.

సూపర్‌వైజర్ గారూ, మీ బాయిలరులో నీటి మట్టం తగ్గితే ఫ్యాన్లనూ ఊక ఫీడరునూ ఆపే స్విచ్చు ఉంటుంది. అది చచ్చిపోయినా మిల్లు హాయిగా నడుస్తుంది, ఎవరికీ తెలియదు. నీరు నిజంగా తగ్గిన రోజే తెలుస్తుంది. ఇలాంటివాటికి మార్చడమూ కాదు, కంపనం కొలవడమూ కాదు, బతికుందా అని తట్టి చూడటమే పని. చివరిసారి ఎప్పుడు తట్టి చూశారు?

మిల్లు_సూపర్‌వైజర్ | శుక్రవారం, రాత్రి 10:05

ఈ రాత్రి చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

గేజీ గ్లాసులో నీరు సరిగ్గా ఉందని చూసుకుంటూ అటెండెంటు చేత ఫ్లోటు గది డ్రెయిన్ వాల్వు తెరిపించాను. ఫ్లోటు దిగాలి, గంట మోగాలి, ఫ్యాన్లు ఆగాలి. గంట మోగింది. ఫ్యాన్లు ఆగలేదు. ప్యానెలు తెరిస్తే రిలేకు అడ్డంగా ఒక తీగ ముక్క కట్టి ఉంది. ఎప్పుడో స్విచ్చు ఊరికే ఆపేస్తోందని కట్టారట, మళ్లీ తీయలేదు. ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. తీగ తీయించి మూడుసార్లు పరీక్షించాను, ఇప్పుడు ఆగుతోంది. ప్యానెలుకు తాళం వేసి తాళం చెవి నా దగ్గర పెట్టుకున్నాను.

మేము బేరింగు గురించి ఇన్ని రోజులు కొట్టుకుంటున్నాం.

కందెన_చుక్క | శనివారం, ఉదయం 5:40

మీరు సిగ్గుపడవలసిన పని లేదు, చాలా చోట్ల ఆ తీగ ఉంటుంది. స్విచ్చు అబద్ధపు గంట ఎందుకు కొట్టేదో కనిపెట్టకపోతే మళ్లీ ఎవరో ఒకరు కడతారు. ఫ్లోటు గదిలో బురద చేరిందేమో చూడండి.

ఇంకొక సంగతి. ఊక బాయిలరులో ఫ్యాను ఆగినా పొయ్యిలో నిప్పు వెంటనే చల్లారదు. గ్లాసులో నీరు కనిపించకపోతే కంగారుపడి పంపు వేయవద్దని అటెండెంటుకు గట్టిగా చెప్పండి. కాలిన ట్యూబుల మీద చన్నీళ్లు పడితే అసలు ప్రమాదం అప్పుడే.

ఎన్నాళ్లకోసారి తట్టి చూడాలనేదానికి ఒక లెక్క ఉంది. ఆ స్విచ్చు సగటున ఎన్నేళ్లకోసారి చస్తుందో తీసుకుని, అది చచ్చి ఉన్నా మనకు తెలియని కాలం ఎంత భాగం వరకు భరించగలమో దానితో హెచ్చించి, రెండింతలు చేయాలి. ఎనిమిదేళ్లకోసారి అనుకుందాం. వందో వంతు చాలంటే 58 రోజులకోసారి పరీక్ష. వెయ్యో వంతు కావాలంటే దాదాపు ఆరు రోజులకోసారి. బాయిలరు కాబట్టి నేను వెయ్యో వంతు వైపే ఉంటాను, వారానికోసారి.

జుబైల్_నుంచి | శనివారం, మధ్యాహ్నం 3:30

సౌదీలో రిఫైనరీ పని. మేము ఆర్‌సీఎం పెద్ద ఎత్తున చేశాం. నెలల తరబడి సమావేశాలు. ప్రతి పంపుకూ చెడే తీరులు యాభై చొప్పున రాశాం. చివరికి ఆ ఫైళ్లు బీరువాలో ఉన్నాయి, పని పాత పట్టిక ప్రకారమే నడుస్తోంది. సూపర్‌వైజర్ గారూ, 62 యంత్రాలకూ ఇది మొదలుపెట్టకండి. మిల్లును ఆపేవి, మనిషిని చంపేవి ఏవో ఓ ఏడెనిమిది ఉంటాయి, అవి చాలు.

పరీక్ష విషయంలో నాకు కందెన చుక్క గారితో తేడా ఉంది. వారం చాలదు. బాయిలరు మీద షిఫ్టుకోసారి చేయాలి. ఆ లెక్కలో ఎనిమిదేళ్లు అన్నారు, కానీ వీరి స్విచ్చు సహజంగా చావలేదు, మనిషి తీగ కట్టి చంపాడు. మనిషి ఎన్నేళ్లకోసారి తీగ కడతాడో ఏ లెక్కా చెప్పదు.

కందెన_చుక్క | శనివారం, సాయంత్రం 5:10

తీగ మాట నిజమే, నా లెక్కలో అది లేదు. షిఫ్టుకోసారి ఫ్లోటు గది బురద వదలడం మంచి అలవాటే. కానీ ఫ్యాన్లు పూర్తిగా ఆగేదాకా పరీక్ష షిఫ్టుకోసారి చేయమంటే, ఆవిరి పడిపోతోందని విసిగి మళ్లీ తీగ కట్టేది ఆ అటెండెంటే. నేను వారం దగ్గరే ఉంటాను. మీరు షిఫ్టు దగ్గర ఉండండి.

మిల్లు_సూపర్‌వైజర్ | అయిదు వారాల తరువాత, ఆదివారం రాత్రి 8:15

జరిగింది రాస్తున్నాను. కంపన మీటరు కొన్నాం. మొదటి రోజు ఐడీ ఫ్యాను మీద 6.1 వచ్చింది. మోటారు మీద 2 కూడా లేదు. తలుపు విప్పి రెక్కలు గోకితే 3.4కు దిగింది. రెక్క కొస అసలు 8 మిల్లీమీటర్లు ఉండాలి, రెండు రెక్కల మీద 5 మాత్రమే ఉంది. వాటికి వెల్డింగు చేయించి, అక్కడే తూకం పెట్టించాం. ఇప్పుడు 1.9. బేరింగు ముట్టుకోలేదు, అదే నడుస్తోంది.

ఫీలర్ గేజీ పందెం మీరు గెలిచారు సార్, మిల్లులో గేజీయే లేదు. కొన్నాం.

ఎలివేటరు మోటార్లకు హెడ్ ఫిట్టరు మాటే నిలబెట్టాం, చెడినప్పుడు మారుస్తాం. అయితే స్పేర్ల గదికి వెళ్లి చూస్తే ఉన్న మూడు మోటార్లలో ఒకటి చేత్తో తిప్పితే తిరగలేదు, ఇంకొకదానికి మెగ్గరు పెడితే వైండింగు తేమతో పోయింది. "చెడినప్పుడు చూద్దాం" అనడానికి మా దగ్గర ఉన్నది ఒక్క మోటారే. రెండూ రివైండింగుకు పంపాను.

తేలనివి రెండు. అదురు స్విచ్చుకు యజమాని ఇంకా డబ్బు ఇవ్వలేదు, ఫ్యాను ఇప్పుడు బాగుంది కదా అంటున్నారు. నీటి మట్టం పరీక్ష ప్రస్తుతం రోజుకోసారి చేస్తున్నాం. మీ ఇద్దరికీ మధ్యలో ఎక్కడో పడింది.

డిప్లొమా_94 | ఆదివారం, రాత్రి 9:00

5 మిల్లీమీటర్లు చూశారా? అరిగింది. రెక్కకు వయసు ఉందని నేను అన్నాను.

కందెన_చుక్క | ఆదివారం, రాత్రి 9:10

అన్నారు. రెక్కకు ఉంది, బేరింగుకు లేదు. సూపర్‌వైజర్ గారూ, వెల్డింగు చేసిన తేదీ, అప్పటి నుంచి బాయిలరు నడిచే గంటలు రాసిపెట్టండి. మళ్లీ 6 మిల్లీమీటర్లకు ఎప్పుడు వస్తుందో తెలిస్తే రెక్కల కాలపట్టిక మీకు దొరికినట్టే.

రొయ్యల_రాజు | ఆదివారం, రాత్రి 11:35

ఈ చర్చ చదివి ఈ రోజు మెయిన్ స్విచ్చు నేనే దించి చూశాను, లోడుతో. జనరేటరు ఎప్పటిలాగే స్టార్ట్ అయింది. కానీ కరెంటును దాని మీదికి మార్చే కాంటాక్టరు అందుకోలేదు. చెరువు మీద ఒక్క ఏరేటరూ తిరగలేదు. ఇన్నాళ్లూ వారం వారం నేను పరీక్షించింది ఇంజనునే. ఎలక్ట్రీషియన్ రేపు ఉదయం వస్తానన్నాడు, ఈ రాత్రికి కుర్రాణ్ణి చేంజోవర్ దగ్గరే పడుకోబెట్టాను.